హిందీ ‘మైఁ’, మన ‘పాఁవు’: ముక్కు కలిసిన అచ్చు

ప్రశ్న: నమస్తే అండీ. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హిందీ ప్రచార సభ పరీక్షలకి చదువుతున్నాను. ‘మైఁ’, ‘హైఁ’, ‘నహీఁ’ అనబోతే నా నోట ‘మైన్’, ‘హైన్’, ‘నహీన్’ అని వస్తోందట. ముక్కుతో పలకమని మాస్టారు అంటారు. ముక్కుతో అనగానే ‘న’ వచ్చేస్తోంది. మన సున్నకీ దీనికీ తేడా ఏంటి? పాత పుస్తకాల్లో అరసున్న అంటే ఇదేనా? మనవాళ్ళకి అసలు పలుకుతుందా?

జవాబు:

పలుకుతుందండీ. మీరు రోజూ ఇంట్లో పలుకుతూనే ఉన్నారు, ఎక్కడో కింద చెబుతాను. మాస్టారు చెప్పింది తప్పు కాదు గానీ ఆ ఒక్క మాటతో పని జరగదు, ఎందుకంటే ‘న’ కూడా ముక్కుతో పలికేదే, ‘మ’ కూడా అంతే. మీరు ముక్కులోకి గాలి పంపడం బాగానే చేస్తున్నారు. దానితోపాటు అక్కర్లేని పని ఇంకొకటి చేస్తున్నారు: నోరు మూసేస్తున్నారు. నోరంటే పెదవులే కానక్కర్లేదు. ‘మైన్’ అని చివర అలాగే ఆగి చూసుకోండి. నాలుక కొన పైపళ్ళ వెనక అతుక్కుని ఉంటుంది. గాలికి నోట్లోంచి దారి లేక మొత్తం ముక్కులోంచే పోతుంది. అందుకే అది హల్లు. ‘మైఁ’ అన్నప్పుడు నాలుక ఎక్కడా తగలకూడదు. నోరు ‘ఐ’ అన్నప్పుడు ఎలా తెరుచుకుని ఉంటుందో అలాగే ఉండాలి, గాలి నోట్లోంచీ ముక్కులోంచీ ఒకేసారి రావాలి. అప్పుడది అచ్చు.

దీన్ని పాణిని చిన్న సూత్రంలో చెప్పేశాడు: ‘ముఖనాసికావచనోఽనునాసికః’. నోటితోనూ ముక్కుతోనూ కలిపి పలికేది అనునాసికం అని. మీకు కావలసిన సూచన ఆ మొదటి మాటలో ఉంది. ముక్కు సంగతి అందరూ చెబుతారు, నోరు తెరిచి ఉంచాలన్నది ఎవరూ గుర్తు చెయ్యరు.

ఇదంతా నడిపేది అంగిలి వెనక సగం. నాలుకతో పైపళ్ళ వెనకనుంచి వెనక్కి తడుముకుంటూ వెళ్ళండి. ముందు గట్టిగా ఎముక తగులుతుంది, కాస్త వెనక్కి వెళ్ళేసరికి మెత్తబడిపోతుంది. ఆ మెత్తటి భాగాన్నే మృదుతాలువు అంటారు. దాని చివర వేలాడేది కొండనాలుక. అద్దం ముందు నిలబడి, సెల్‌ఫోన్ లైటు నోట్లోకి వేసి, నోరు బాగా తెరిచి ‘ఆ’ అనండి. కొండనాలుకతో సహా ఆ భాగమంతా పైకీ వెనక్కీ లేస్తుంది. ఇప్పుడు నోరు తెరిచే ఉంచి ముక్కుతో గాలి పీల్చండి. అది కిందికి జారి నాలుక వెనక భాగం మీద వాలుతుంది. లేచినప్పుడు వెళ్ళి గొంతు వెనక గోడకి ఆనుకుంటుంది. ఆ ఆనుకునే చోటు కొండనాలుకకి వెనకా పైనా ఉండటం వల్ల అద్దంలో కనిపించదు, లేవడం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

మన కాలవల మీద లాకు తలుపు ఎలాంటిదో ఇదీ అలాంటిదే అనుకోండి. దించితే ముక్కువైపు కాలవలోకి కూడా పారుతుంది, ఎత్తితే ఆ వైపు బందు. లాకు తలుపు దించితే నీళ్ళు ఆగుతాయి, ఇక్కడ ఎత్తితే ఆగుతుంది, అంతవరకు తిరగేసి చూసుకోవాలి. ఊరికే ఊపిరి పీల్చుకుంటున్నంతసేపూ అది కిందికే ఉంటుంది. మాట్లాడేటప్పుడు ‘ప, బ, త, ద, క, గ, స’ లాంటి వాటికి గట్టిగా లేచి మూసుకోవాలి. నోట్లో గాలి ఒత్తిడి కట్టకపోతే అవి పుట్టవు. పైకి లాగే కండరం చెవి దగ్గర పుర్రె అడుగునుంచి వస్తుంది. అది సడలితేనూ, నాలుకకి కలిసే ఇంకో కండరం కిందికి లాగితేనూ తాలువు దిగుతుంది.

జలుబు చేసినప్పుడు ‘అమ్మ’ అంటే ‘అబ్బ’లా, ‘నాన్న’ అంటే ‘దాద్ద’లా వినిపించడం మీకు తెలిసిందే. ముక్కు మూసుకుపోయేసరికి ‘మ’ కాస్తా ‘బ’ అయింది, ‘న’ కాస్తా ‘ద’ అయింది. అంటే ‘మ’కీ ‘బ’కీ పెదవులు చేసేది ఒకటే పని, తాలువు దిగిందా లేచిందా అన్నదే తేడా. మన వర్ణమాలలో ప్రతి వర్గం చివర అనునాసికాన్ని పెట్టడంలో ఉన్న లెక్క ఇదే. ‘క ఖ గ ఘ’ అన్న చోటే నాలుకని ఉంచి తాలువు దించితే ‘ఙ’, ‘ట ఠ డ ఢ’ చోట ‘ణ’.

ఇక సున్న. మీ పొరపాటుకి అసలు కారణం తెలుగు చదివే అలవాటు. మన సున్న ఎప్పుడూ నోరు మూయించే సున్నే. ‘వంకాయ, మంచం, పండు, పంతులు, పంపు’ అనే మాటల్ని నెమ్మదిగా, సున్న దగ్గర ఆగుతూ పలకండి. ‘వంకాయ’లో నాలుక వెనక భాగం మూసింది, ‘మంచం’లో మధ్య భాగం, ‘పండు’లో వెనక్కి వంగిన కొన, ‘పంతులు’లో పళ్ళ దగ్గర కొన, ‘పంపు’లో పెదవులు. తరవాత వచ్చే అక్షరం ఎక్కడ మూసుకుంటుందో ఈ సున్న ముందే అక్కడ మూసేస్తుంది. తరవాత ఏ అక్షరమూ లేకపోతే ‘పుస్తకం’లోలాగా ‘మ్’. ఒకే గుర్తు ఐదు హల్లులకి పని చేస్తుంది గానీ ఎక్కడా అచ్చు మాత్రం కాదు.

హిందీ రాతలో కూడా అలాంటి చుక్కే కనిపిస్తుంది. అక్కడ గుర్తులు రెండు: చుక్క, చంద్రబిందువు. ‘కహాఁ’, ‘హూఁ’ లాంటి వాటి మీద చంద్రబిందువు ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. ‘మైఁ, మేఁ, హైఁ, నహీఁ’ మీద మాత్రం ఉత్తి చుక్కే వేస్తారు. గీతకి పైన అప్పటికే ఏత్వమో ఐత్వమో గుడిదీర్ఘమో కూర్చుని ఉంటుంది, చంద్రబిందువుకి చోటు చాలదు. అది అచ్చుయంత్రం ఇబ్బంది తప్ప పలుకుబడిలో తేడా ఏమీ లేదు. తెలుగు కన్ను ఆ చుక్కని చూడగానే సున్న అనుకుంటుంది, నాలుక వెళ్ళి అతుక్కుంటుంది. కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి: పైకి లేచిన గుణింతం మీద చుక్క ఉండి అది మాట చివర ఉంటే అచ్చునే ముక్కు కలిపి పలకాలి. ‘స్వయం’, ‘ఏవం’ లాంటి సంస్కృతం మాటల్లో చివరి చుక్క మనలాగే ‘మ్’. వాటిమీద పైకి లేచే గుణింతం ఉండదు కాబట్టి చూడగానే తెలిసిపోతుంది.

ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, అర్థాలు మారిపోతాయి. ‘కహా’ అంటే అన్నాడు, ‘కహాఁ’ అంటే ఎక్కడ. ‘సాస్’ అత్తగారు, ‘సాఁస్’ ఊపిరి. ‘పూఛ్’ అడగమనడం, ‘పూఁఛ్’ తోక. ‘గోద్’ ఒడి, ‘గోఁద్’ బంక. ‘హై’ ఏకవచనం, ‘హైఁ’ బహువచనం, గౌరవవచనం కూడా. మీ విషయంలో నాకు ముఖ్యంగా కనిపించేది మాత్రం వేరే జంట: ‘హంస్’, ‘హఁస్’. మొదటిది హంస, రెండోది నవ్వు. మొదటి దాంట్లో నాలుక కొన తగిలి ‘హన్స్’ అని నిజంగానే ‘న్’ పలుకుతుంది, రెండో దాంట్లో ఎక్కడా తగలదు. హల్లుగా అనునాసికం, అచ్చులో కలిసిన అనునాసికం, రెండూ పక్కపక్కనే ఉన్నాయి చూశారా. ఇప్పుడు మీరు రెంటినీ ‘హన్స్’ అనే అంటుంటారు. ఛందస్సు లెక్కలో కూడా ‘హంస్’లో ‘హం’ రెండు మాత్రలు, ‘హఁస్‌నా’లో ‘హఁ’ ఒకటే మాత్ర. చంద్రబిందువు హల్లు కాదు కాబట్టి బరువు పెంచదు.

ఇప్పుడు మీరు రోజూ పలికేది ఎక్కడో చెబుతాను. మన గోదావరి వైపు ‘మామయ్య’ని ‘మావయ్య’ అంటాం. ‘ఏమండీ’ని ‘ఏవండీ’, ‘ఏమిటి’ని ‘ఏవిటి’, ‘సామాన్లు’ని ‘సావాన్లు’ అంటాం. రాసేటప్పుడు ఉత్తి ‘వ’ రాసేస్తాం గానీ పలికేది ఉత్తి ‘వ’ కాదు. రెండు అచ్చుల మధ్య ఒంటరిగా ఉన్న ‘మ’కి చాలామంది నోట పెదవులు పూర్తిగా కలవవు, దగ్గరికొచ్చి వదిలేస్తాయి. తాలువు మాత్రం ‘మ’కి దిగినట్టే దిగి ఉంటుంది. పెదవులు మూసుకోలేదు కాబట్టి ‘మ’ కాదు, ముక్కులోకి గాలి పోతోంది కాబట్టి మామూలు ‘వ’ కూడా కాదు. అటూ ఇటూ ఉన్న అచ్చులకి కూడా ముక్కు సోకుతుంది.

నమ్మకం కలగాలంటే ఈ రెండు వాక్యాలు అనండి: ‘పావు చాలు’, ‘పావు చచ్చింది’. మొదటిది కిలోలో పావు, రెండోది పాము. వాడుకగా, తొందరగా మాట్లాడేటప్పుడు రెండో దాంట్లో పెదవులు కలవకపోయినా వినేవాడికి అది పామేనని తెలుస్తుంది. ‘పాఁవు’ అని ముక్కు కలిసింది కాబట్టే తెలుస్తుంది. ఇప్పుడు ముక్కు రంధ్రాలు రెండూ వేళ్ళతో గట్టిగా నొక్కి పట్టుకుని మళ్ళీ ఆ రెండు మాటలూ అనండి. కిలోలో పావుకి గొంతు మారదు. పాముకి మారుతుంది, ముక్కులో ఏదో అడ్డుపడ్డట్టు, వేళ్ళకింద అదురు తెలుస్తుంది. ‘వెళ్దాం’, ‘వచ్చాం’ చివర కూడా పెదవులు బద్ధకంగా వదిలేస్తే ఇదే వస్తుంది. ‘వెళ్దాం’లో పెదవులు దగ్గరికి రావడానికి ముందు సాగే ‘ఆఁ’ ఉందే, హిందీ ‘కహాఁ’ చివర ఉన్నది అచ్చంగా అదే. మీకు కొత్తగా నేర్పవలసిన శబ్దం అంటూ ఏమీ లేదు. ఉన్న శబ్దాన్ని దాని చోటునుంచి తీసి వేరే చోట పెట్టడమే.

సాధన ఏ వరసలో చెయ్యాలన్నది ముఖ్యం. చాలామంది కష్టమైన మాటతో మొదలుపెట్టి విసిగిపోతారు.

మొదట ‘మైఁ’, ‘మేఁ’. ‘మ’ పలకడానికి తాలువు ఎలాగూ దిగింది. దాన్ని ఎత్తకుండా పెదవులు మాత్రం తెరిచి అచ్చు పలకండి, చివర దేన్నీ మూయకండి. చివర మూశారో లేదో తెలుసుకోవడానికి మంచి ఉపాయం ఉంది. ‘మైఁ’ అనేసి, నాలుకా పెదవులూ ఎక్కడున్నవి అక్కడే ఉంచి, కదపకుండా, నోటితో గాలి లోపలికి పీల్చండి. చల్లగా నాలుక మీదుగా వెళ్ళిందా, నోరు తెరిచే ఉంది, మీరు సరిగ్గా పలికారు. పీల్చబోతే నోటివైపు అడ్డం తగిలిందా, నాలుక ఎక్కడో అతుక్కుంది, అది ‘మైన్’. ముక్కు నొక్కే పరీక్ష ముక్కుదారి సంగతి చెబుతుంది, ఈ పీల్చే పరీక్ష నోటిదారి సంగతి చెబుతుంది. రెండూ తేలితేనే మీది అనునాసికపు అచ్చు. చెవిని నమ్ముకుంటే మొదట్లో మోసపోతారు. తెలుగు చెవికి ముక్కు వినిపించగానే ‘న్’ ఉన్నట్టే అనిపిస్తుంది.

తరవాత ‘హైఁ’, ‘హూఁ’, ‘కహాఁ’, ‘నహీఁ’. ‘హ’ గొంతులో పుట్టేది. దానికి తాలువు లేచి మూయాల్సిన అవసరం లేదు. కాబట్టి ‘హ’ నుంచే ముక్కు తెరుచుకుని ఉన్నా నష్టం లేదు. ‘నహీఁ’ దగ్గర ఒక మాట. ‘ఈ’ పలికేటప్పుడు నాలుక బాగా పైకి ఉంటుంది, నోట్లో దారి సన్నం. అందుకని తాలువు కొంచెం దిగినా చాలు, ముక్కు గట్టిగా వినిపిస్తుంది. ‘ఆ’కి నోరు పెద్దది, తాలువు సహజంగానే కాస్త కిందికి ఉంటుంది, కొద్దిగా తెరుచుకున్నా చెవికి తెలియదు. ‘కహాఁ’కి బాగా దించాలి, ‘నహీఁ’కి అంత బలవంతం చేస్తే మాట మొత్తం మూలిగినట్టు వస్తుంది.

ఆ తరవాతే ‘సాఁస్, బాఁస్, పూఁఛ్, దాఁత్’. ఇవి కష్టం, ఎందుకంటే ‘బాఁస్’లో తాలువు మూడు పనులు చెయ్యాలి. ‘బ’కి లేచి ఉండాలి, అచ్చుకి దిగాలి, ‘స్’కి మళ్ళీ లేవాలి. తాలువు బరువైన కండ. నాలుక కొన అంత చురుకు దానికి లేదు. దిగడానికో లేవడానికో సెకనులో పదో వంతు అటూ ఇటూ పడుతుంది, నాలుక ఈలోపు తన పని ముగించేస్తుంది. ఇంకా తాలువు దిగి ఉండగానే నాలుక కొన వెళ్ళి పైన తగిలిందంటే ఆ క్షణంలో పుట్టేది ‘న్’. మీరు అనాలనుకోకపోయినా పుడుతుంది. మీ ‘హైన్’లో ఉన్నది చదివే అలవాటు, ‘బాన్స్’లో ఉన్నది కదలికల వరస తప్పడం. రెండూ వేరు వేరు జబ్బులు, మందు కూడా వేరే.

పాలకొల్లులో నా దగ్గర హిందీకి వచ్చిన ఒక కుర్రాడికి, నరసాపురం వైపునుంచి వచ్చేవాడు, ‘హైఁ’ అన్నీ కుదిరాక కూడా ‘సాఁస్’ దగ్గర ‘సాన్స్’ వదిలేది కాదు. ముందు ‘సా’ అని సాగదీయించి ముక్కు నొక్కించాను, గొంతు మారలేదు. తరవాత ‘సాఁ’ అని సాగదీయించి, మధ్యలో ముక్కు నొక్కి వదిలించాను. నొక్కినప్పుడల్లా గొంతు మారింది, అంటే ముక్కుదారి బాగానే తెరుస్తున్నాడు. ‘సాఁ’ చివర ఆగి నోటితో పీల్చమంటే గాలి హాయిగా పోయింది. అంటే అచ్చులో లోపం లేదు, ‘స్’కి వెళ్ళే దారిలో ఉంది. ‘సాఁ’ అని ఆగి, నాలుక కదపకుండా ఒక లిప్త నిశ్శబ్దంగా ఉండి, ఆ తరవాత ‘స్’ అనమన్నాను. ఆ నిశ్శబ్దంలో తాలువుకి లేచే సమయం దొరికింది, ‘న్’ మాయమైంది. ఆ మధ్య విరామాన్ని మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు. ఒక దశలో విరామం మరీ తగ్గగానే మళ్ళీ ‘న్’ తొంగిచూసింది. అప్పుడు అచ్చుని ఇంకాస్త సాగదీయమన్నాను, ‘స్’ దగ్గర నాలుక కొన పైకి తగలకుండా కింది పళ్ళ వైపు ఉంచి ‘స్’ అనమన్నాను. కొన కింద ఉంటే అతుక్కోవడానికి దానికి అవకాశమే లేదు. అక్కడినుంచి ‘సాఁస్ లో’ అని వాక్యంలో కలిపినా చెక్కు చెదరలేదు. మీరూ ఇదే వరస పట్టండి.

ఒక సంగతి తెలిస్తే మీకు బెంగ తగ్గుతుంది. ‘చాఁద్’, ‘అఁగూఠీ’ లాంటి మాటల్లో, అంటే ‘గ, ద, బ’ లాంటి నాదాక్షరాల ముందు, హిందీ పుట్టుకతో మాట్లాడేవాళ్ళ నోట కూడా చిన్న ‘న్’ లాంటిది దూరుతుంది. ‘చాన్ద్’ అని మీరన్నా ఎవరూ తప్పు పట్టరు. ‘దాఁత్, సాఁప్, పాఁచ్’ లాంటి చోట, అంటే ‘క, చ, త, ప’ ముందు, శుభ్రంగా అచ్చే ఉండాలి. మీ శక్తి అక్కడ పెట్టండి.

కొందరు ఇంకో వైపు వెళ్ళిపోతారు. ముక్కు ముక్కు అని భయపడి వాక్యమంతా ముక్కుతో లాగేస్తారు, ‘హై’ కూడా ‘హైఁ’ అయిపోతుంది. రెంటి మధ్య తేడా నిలవకపోతే నేర్చుకున్నదంతా వృథా. అందుకే ‘హై, హైఁ’, ‘థీ, థీఁ’, ‘కహా, కహాఁ’ అని జంటలుగానే అనండి, విడిగా అనకండి. సెల్‌ఫోన్‌లో రికార్డు చేసి, క్రమం మార్చి, మాస్టారికి వినిపించి ఏది ఏదో చెప్పమనండి. ఆయన సరిగ్గా విడదీయగలిగితే మీ నోరు కుదిరినట్టే. ఇదంతా నేర్చుకునే వాళ్ళ సంగతి. చిన్నపిల్లలెవరైనా ‘ప, బ, స’ కూడా ముక్కులోకి పోతూ పలుకుతుంటే, తాగిన పాలు ముక్కులోంచి వస్తుంటే, సాధనతో పోయేది కాదు. అంగిలిలో చీలికో, తాలువు చాలకపోవడమో ఉండొచ్చు, చెవి ముక్కు గొంతు డాక్టరుకి వెంటనే చూపించాలి.

ఇప్పుడు అరసున్న. మీ అనుమానం సరైనదే. ‘మూఁడు’ని తమిళం ‘మూన్ఱు’ పక్కన పెట్టి చూడండి, ఒకప్పుడు అక్కడ అనునాసికపు హల్లు ఉండేదని తెలుస్తుంది. దీర్ఘం తరవాత నాలుక ఆ హల్లుని పూర్తిగా మూయడం మానేసింది, ముక్కు మాత్రం అచ్చులో మిగిలింది. ఆ దశకి గుర్తు అరసున్న. చివరికి తాలువు దిగడం కూడా మానేసింది, ‘మూడు’ మిగిలింది. మీరు ‘బాన్స్’ నుంచి ‘బాఁస్’కి రావడానికి ఏ పని చేస్తున్నారో, తెలుగు తరతరాలుగా ఆ పనే చేసి, ఇంకో అడుగు ముందుకి వేసింది. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే ఆరు తరవాతది. ‘వాఁడు’ అంటే అతను, ‘వాడు’ అంటే వాడిపోవడం. రాతలో ఈ జంటలు విడివిడిగా ఉండేవి, ఇప్పుడు నోట ఒకటైపోయాయి. పాత హల్లు పూర్తిగా చావలేదనడానికి సాక్ష్యం కూడా ఉంది. మనం ‘ఏళ్ళు, వాళ్ళు’ అంటాం గానీ తెలంగాణలో ‘ఏండ్లు’ అంటారు, రాయలసీమలో ‘వాండ్లు’ అంటారు. ఏకవచనంలో పోయిన ముక్కు బహువచనంలో నిండుసున్నగా కూర్చుని ఉంది. పద్యంలో కూడా నిండుసున్న ఉన్న అక్షరం గురువు. అరసున్న మాత్రం అక్షరాన్ని గురువు చెయ్యదు, ‘ఏనుఁగు’లో ‘ను’ లఘువే. హిందీ ‘హఁస్‌నా’ లెక్క ఇక్కడా అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. అరసున్న అచ్చుమీది గుణమే గాని హల్లు కాదని ఛందస్సు చెప్పిన పాత లాక్షణికులకి బాగా తెలుసు.

హిందీలో ‘దాఁత్’, ‘పాఁచ్’, ‘బాఁస్’ కూడా అలా వచ్చినవే, సంస్కృతంలో ‘దంత’, ‘పంచ’, ‘వంశ’. హిందీ మధ్యలోనే ఆగింది, ముక్కుని పోనివ్వలేదు. ‘సాఁప్’కి ‘సర్ప’లో, ‘ఆఁఖ్’కి ‘అక్షి’లో అనునాసికమే లేదు, అయినా ముక్కు వచ్చి చేరింది. ‘స, ష’ లాంటి వాటికి గాలి ఎక్కువగా వదలాలి, గొంతు బాగా తెరుచుకోవాలి. దాని ప్రభావం పక్క అచ్చు మీద పడితే వినేవాళ్ళకి ముక్కు కలిసినట్టు అనిపిస్తుందనీ, విన్నవాళ్ళు నిజంగానే ముక్కు కలిపి పలకడం మొదలుపెట్టారనీ ధ్వనిశాస్త్రంలో ఒక వివరణ ఉంది. నాకు అది నమ్మదగ్గదిగానే ఉంది.

మిగతా భాషల్లో కూడా ఇదే తాలువు రకరకాల పనులు చేస్తోంది. బెంగాలీలో ‘కాదా’ బురద, ‘కాఁదా’ ఏడవడం. వాళ్ళది ఇంకో ముచ్చటైన పద్ధతి: ‘తార్’ అంటే అతని, ‘తాఁర్’ అంటే ఆయన. మనం ‘అతని’, ‘ఆయన’ అని వేరే మాటలు వాడి చూపించే మర్యాదని వాళ్ళు తాలువు దించి చూపిస్తారు. తమిళం వాడుకలో ‘అవన్’ చివరి ‘న్’ పోయి ‘అవఁ’ అవుతుంది, ‘మరం’ చివర ‘మ్’ కూడా అచ్చులో కలిసిపోతుంది. మన ‘వెళ్దాం’కి దగ్గరి చుట్టం. మలయాళం దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. అచ్చులకి ముక్కు పెట్టకుండా హల్లుల్ని పెంచుకుంది. పళ్ళ దగ్గర పలికే ‘న’ వేరు, చిగుళ్ళ దగ్గర పలికే ‘న’ వేరు. ‘పన్ని’ అంటే పంది, ‘కన్ని’ అంటే కన్య, తెలుగులో రెంటికీ ఒకే ‘న్న’ రాశాను గానీ వాళ్ళ నాలుక రెండు చోట్ల తగులుతుంది. ‘కఞ్ఞి’ అంటే గంజి. మామిడికాయని ‘మాఙ్ఙ’ అంటారు. మనం ‘వంకాయ’లో సున్న చాటున దాచుకున్న ‘ఙ’ అక్కడ జంటగా, తరవాత ‘క’ లేకుండా, ఒంటరిగా నిలబడుతుంది.

మీ పరీక్షకి ఇదంతా అక్కర్లేదు. ఈ వారం ‘మైఁ, మేఁ’ తప్ప ఇంకేమీ ముట్టుకోకండి. ప్రతిసారీ చివర నోటితో పీల్చి చూసుకోండి. అది ఆలోచించకుండా వచ్చాక ‘హై, హైఁ’ జంట, దాని తరవాత ‘సాఁస్’. ‘సాఁస్’ దగ్గర ‘న్’ వదలకపోతే రికార్డింగు ఇక్కడ పెట్టండి. అలవాటు వల్లో వరస తప్పడం వల్లో విని చెబుతాను.